ఒక గంప, ఆరు గొంతులు

మొగుడు రాత్రంతా సముద్రంలో ఉండి తెచ్చిన చేపని తెల్లారేసరికి పెళ్లాం వేలంపాటలో డబ్బిచ్చి కొంటుంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఉత్తరాంధ్ర తీరంలో చాలా పేటల్లో ఇది రోజూ జరిగేదే. పడవలో వేటకెళ్లింది ఆయనొక్కడే కాదు, నలుగురైదుగురు. చేప అందరిదీ. ఇసుక మీద కుప్ప పోసి పాట పెడితే తప్ప దానికి ధర కట్టడం కుదరదు, వాటాలు తేలవు. అందుకని ఆయన అమ్మే వైపు నిలబడతాడు, ఆవిడ కొనే వైపు. ధర పెరిగితే ఆయన వాటా పెరుగుతుంది, ఆవిడ లాభం తరుగుతుంది. మధ్యాహ్నానికి ఇద్దరూ ఒకే కుండలో అన్నం తినాలి.

మత్స్యకార కుటుంబాల గురించి కవిత రాయాలనుకునేవాళ్లు ముందు చూడవలసింది ఈ దృశ్యాన్నే. సంక్రాంతికీ ఉగాదికీ మన పత్రికలు, సాహితీ సంస్థలు పెట్టే కవితల పోటీల్లో సముద్రం ఎప్పుడూ ఉంటుంది. దాంతోపాటు కన్నీళ్లూ, కెరటాలూ, చుక్కాని లేని నావలూ ఉంటాయి. పాటలో ఎదురెదురుగా నిలబడ్డ ఆ ఆలుమగలు మాత్రం కనిపించరు. వేట దొరుకుతుందో లేదో తెలియని బతుకు ఒక్కటే, కానీ దాని బరువు ఇంట్లో ఒక్కొక్కరి మీద ఒక్కో తీరుగా పడుతుంది. ఆ తేడా చూపించాలంటే ఒక్క గొంతు సరిపోదు. బహుగళ కవిత పుట్టేది ఈ అవసరం నుంచే.

ఇలాంటి కవితకి ప్రపంచంలో రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి వేటాడేవాళ్లే రాయడం. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, కొలంబియా నది సముద్రంలో కలిసేచోట, ఆస్టోరియా అనే ఊరుంది. అక్కడ 1998 నుంచి ఏటా ఫిబ్రవరి చివర్లో మత్స్యకార కవుల మేళా జరుగుతోంది. వేదికెక్కేవాళ్లు చేపలవేటతో బతికినవాళ్లు, బతుకుతున్నవాళ్లు. రెండోది ఆ పని తెలియని కవి వెళ్లి వినడం. ఇంగ్లండులో డెవన్ ప్రాంతపు డార్ట్ నది మీద ఆలిస్ ఆస్వాల్డ్ 2002లో ఒక పుస్తకమంత కవిత ప్రచురించారు. నది పొడవునా బతికే మనుషులతో మాట్లాడి, ఆ మాటలు రికార్డు చేసుకుని, వాటితోనే కవిత అల్లారు. సాల్మన్ చేపలు పట్టేవాళ్లూ, దొంగచాటుగా వేటాడేవాళ్లూ అందులో తమ పని గురించి తామే చెప్పుకుంటారు. మాట్లాడుతున్నది ఎవరో పేజీ అంచున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ ఏడాది టి.ఎస్. ఎలియట్ బహుమతి ఆ పుస్తకానికే వచ్చింది.

మన పోటీలకి రాసేవాళ్లలో ఎక్కువమందికి పనికొచ్చేది రెండో దారి. మాటలు సొంతంగా పుట్టించే ముందు లెక్క వినాలి. అవును, లెక్కే.

పడవ ఒడ్డుకొచ్చాక డబ్బు ఎలా పంచుకుంటారో చూద్దాం. పేటపేటకీ పద్ధతి మారుతుంది, కానీ మూలసూత్రం ఒకటే. అమ్మగా వచ్చిన సొమ్ములోంచి ముందు డీజిలు, ఐసు, తిండి ఖర్చు తీసేస్తారు. మిగిలినదాంట్లో పడవకీ ఇంజనుకీ వలకీ వాటాలుంటాయి, అవి యజమానివి. తక్కినది వేటకెళ్లినవాళ్లు సమంగా పంచుకుంటారు. అయిదుగురెక్కే ఫైబర్ పడవ ఒకటి అనుకుందాం. ఖర్చు మూడు వేలు. మిగిలినదాంట్లో సగం యజమానికి, సగం మనుషులకి. తొమ్మిది వేలకి చేప అమ్ముడైతే ఖర్చు పోను ఆరు వేలు మిగులుతుంది. యజమానికి మూడు వేలు, ఒక్కో మనిషికి ఆరు వందలు. అదే చేప మూడు వేల నాలుగు వందలకే పోయిందనుకోండి. ఖర్చు పోను నాలుగు వందలు. యజమానికి రెండు వందలు, మనిషికి నలభై రూపాయలు.

అమ్మకం సగం కన్నా తక్కువకి పడింది, అయినా మూడో వంతు కన్నా ఎక్కువే ఉంది. కూలి మాత్రం పదిహేనో వంతయింది. వేటలో అనిశ్చితి అంటే ఇది. చేప తగ్గినంత మాత్రమే ఆదాయం తగ్గదు, ఖర్చు కదలకుండా నిలబడి ఉంటుంది కాబట్టి ఆ దెబ్బంతా చివరి వాటా మీద పడుతుంది. ఈ సంగతి తెలిసిన కవి ‘ఆకలి’ అన్న మాట వాడకుండానే ఆకలి చెప్పగలడు.

ఇక నమూనాగా ఒక కవిత కట్టి చూద్దాం. చాలా పోటీల్లో నియమం ముప్పై పంక్తులు మించకూడదని. కాలం ఒక్క తెల్లవారుజాము. స్థలం విశాఖకి ఉత్తరంగా ఒక పేట. సంగతి ఒక్కటే: మూడు వేల నాలుగు వందలకి పోయిన ఆ రోజు వేట. అది ఎవరికి ఎలా కనిపించిందో చెప్పడమే కవిత.

మొదటి గొంతు వేట మానేసిన తండ్రిది. నీటి రంగు, పక్షుల వాలు, గాలి మళ్లడం చూసి గుంపు ఎక్కడుందో చెప్పగలిగిన మనిషి. ఆయన చేత ‘మా కాలంలో’ అనిపించడం తేలిక, కానీ అది అందరూ రాసేదే. ఆయన చదువు ఇప్పుడు పనికిరాకుండా పోయిన సంగతి చెప్పించాలి:

నీళ్లు మెరిసిన చోట వల వెయ్యరా అనేవోణ్ణి.
ఇప్పుడూ మెరుస్తున్నాయి నీళ్లు.
నా మాట విని వల వేసినోడు
ఉత్త నీళ్లు లాక్కుని వచ్చాడు.
ఇంక నన్నెవరూ అడగరు.

ఈ అయిదు పంక్తుల్లో కారణం ఎక్కడా లేదు, ఉండకూడదు కూడా. చేప ఎందుకు తగ్గిందన్నది శాస్త్రవేత్తలే ఒక్క మాటలో తేల్చని విషయం. కేరళలో నూనె కవళ్ల కథే చూడండి. 2012లో దాదాపు నాలుగు లక్షల టన్నులు పడిన చేప, 2021కి వచ్చేసరికి మూడు వేల చిల్లర టన్నులకి పడిపోయింది. సముద్రపు వేడిలో మార్పులు, ఎల్ నినో, మితిమీరిన వేట, పిల్లచేపల్ని పట్టేయడం, ఇలా అనేక కారణాలు కలిశాయంటారు. కవళ్లలాంటి చిన్నచేపలు గుంపులుగా పెరిగి గుంపులుగా మాయమవడం వాటి స్వభావంలోనే కొంత ఉంది. అందుకని కవితలో ఒక ముసలాయన నిలబడి భూతాపం మీద ఉపన్యాసం ఇస్తే ఆ గొంతు ఆయనది కాదు, పత్రిక చదివిన కవిది.

రెండో గొంతు కొడుకుది. అతనే సరంగు, పడవ నడిపేవాడు. అతనికి బాధ గురించి మాట్లాడే తీరిక ఉండదు, లెక్క ఉంటుంది:

డీజిలు రెండు వేలు, ఐసు మూడొందలు,
బియ్యం, కూర, మంచినీళ్లు ఏడొందలు.
గంపెత్తి చూపిస్తే సావుకారు
చేప చూడలేదు, నా మొహం చూశాడు.
కిందటేడు వలకి అప్పిచ్చింది ఆయనే.
పాట మొదలవకముందే
ధర నాకు తెలిసిపోయింది.

ఇక్కడ పేటల్లో ఉండే ఒక పాత ఏర్పాటు తొంగిచూస్తుంది. వలకో ఇంజనుకో పెట్టుబడి కావలసినప్పుడు చేపల వ్యాపారి అడ్వాన్సు ఇస్తాడు. వడ్డీ అడగకపోవచ్చు, కానీ చేప తనకే పోయాలి, తను కట్టిన ధరకే. బ్యాంకు అప్పు వేటలేని నెలలో కూడా వాయిదా అడుగుతుంది. సావుకారు ఆగుతాడు, ఆగినందుకు ప్రతి గంపలోనూ కొంత తీసుకుంటాడు. పోటీ కవితల్లో ఈయన్ని రాక్షసుడిగా చూపించడం పరిపాటి. పేటలో మాత్రం రాత్రి ఆస్పత్రికి డబ్బు కావాలంటే తలుపు తట్టేది ఆయన ఇంటికే. ఈ రెండూ నిజమే, కవితలో రెండూ ఉంటేనే ఆ మనిషి నిలబడతాడు.

మూడో గొంతు భార్యది. కవితకి గుండెకాయ ఇదే అని ఈ వ్యాసకర్త నమ్మకం:

మా ఆయన తెచ్చిన కవళ్లు నేను పాడుకోవాలి.
ధర పెరిగితే ఆయనకి మంచిది, నాకు చెడ్డ.
తగ్గితే నాకు మంచిది, ఇంటికి చెడ్డ.
పన్నెండొందలకి పాడి గంప ఎత్తాను.
ఆటోవాడికి వంద, ఐసుకి యాభై.
పొద్దు నడినెత్తికొస్తే చేప కన్ను తెల్లబడుతుంది,
అప్పుడు బేరం కొన్నోళ్లది.

ఆమె లెక్క కూడా వేసి చూస్తే, పదహారు వందలకి అమ్మగలిగితే రెండు వందల యాభై మిగులుతుంది. ఆ రోజు భర్త వాటా నలభై. అంటే ఆ పూట ఇల్లు నడిపింది గంప. చేపలవేట అనగానే అందరి చూపూ సముద్రం మీదికే పోతుంది. నిజానికి రెండో వేట ఒడ్డున మొదలవుతుంది, దాని గెలుపోటములు కూడా అంతే అనిశ్చితం. అమ్ముడుపోని చేప మధ్యాహ్నానికి ధర పడిపోతుంది, సాయంత్రానికి ఉప్పులో పడి ఎండు చేప అవుతుంది. ఆ రోజు వాన పడితే అదీ ఉండదు.

నాలుగో గొంతు చాలామంది రాయనిది. పక్క పేటవాడిది. విశాఖలో రింగు వలల గొడవ గుర్తుండే ఉంటుంది. గుంపుని చుట్టూ కమ్మేసి ఒక్కసారిగా లాగే పెద్ద వల అది. చిన్న వలలవాళ్లు అది తమ నోటికాడి కూడు తీస్తోందన్నారు. రింగు వలలవాళ్లు తమకీ వేటాడే హక్కుందన్నారు. 2022 జనవరిలో ఆ తగాదా మత్స్యకార పేటల మధ్య ఘర్షణగా మారి పోలీసు బలగాలు దిగాల్సివచ్చింది. చేప తగ్గినప్పుడు మొదట తెగేది ఇరుగుపొరుగు సంబంధం. ఆ గొంతుకి నాలుగు పంక్తులు చాలు:

నీ వల ఖాళీకి నా వల కారణం అంటున్నావు.
లక్షల అప్పు తెచ్చి పదిమందిమి కొన్నాం దీన్ని.
నీ ఖాళీ గంప నాకు చూపించకు,
నా అప్పు కాగితం నీకు చూపించను.

ఇందులో ఎవరిది న్యాయమో కవిత తేల్చదు. తేల్చే పని అధికారులది, పెద్దలది. ఇద్దరి మాటా పక్కపక్కన ఉంచితే చాలు, చదివేవాడికి ఇరుకు అర్థమవుతుంది.

అయిదో గొంతు దూరం నుంచి. శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి వందలాది కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కి వెళ్లి అక్కడి బోట్ల మీద జీతానికి పనిచేస్తారు. సొంత తీరంలో వాటా బతుకు నమ్మకం ఇవ్వక నెలజీతం వెతుక్కున్నవాళ్లు. 2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్థాన్ జలాల్లోకి వచ్చారన్న ఆరోపణ మీద అక్కడి అధికారులకి చిక్కారు. కరాచీ జైలు నుంచి ఇరవై మంది 2020 జనవరిలో ఇంటికొచ్చారు. తర్వాత ‘తండేల్’ సినిమాకి ఆ ఉదంతమే ఆధారమైంది. కవితలో మాత్రం జైలు అక్కర్లేదు, భయం చాలు. సరంగు తమ్ముడు ఫోన్లో అంటాడు:

ఇక్కడ చేప పడకపోయినా జీతం ఆగదన్నా.
ఒక్కటే ఇబ్బంది, సముద్రంలో గీత ఉందంటారు,
నీళ్ల మీద అది కనపడదు.
అమ్మకి చెప్పకు.
వదినకి అసలే చెప్పకు.

ఇప్పటికి ఇరవై ఎనిమిది పంక్తులు. మిగిలిన రెండూ ఒక వింత గొంతుకి ఇద్దాం. హైదరాబాద్‌లో భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్ అని ఉంది. ఉపగ్రహాలు కొలిచిన సముద్ర ఉపరితలపు వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ చూసి, చేపలు చేరే అవకాశమున్న చోట్లు ఇవీ అని మత్స్యకారులకి సమాచారం పంపుతుంది. చల్లని నీరూ వెచ్చని నీరూ కలిసే అంచుల్లో నాచు వృద్ధి చెందుతుంది, దాన్ని తినే జీవుల కోసం చేపలు వస్తాయి. ఈ సూత్రం మీద దిక్కు, దూరం, లోతు చెబుతారు, తెలుగులో కూడా. ఇందుకు రెండు పరిమితులున్నాయి. మబ్బు కమ్మితే ఉపగ్రహానికి సముద్రం సరిగా కనిపించదు, ఆ రోజు సమాచారం ఉండకపోవచ్చు. రెండోది, చెప్పిన చోటికి వెళ్లడానికి డీజిలు కావాలి.

ఆగ్నేయంగా నలభై కిలోమీటర్లు, లోతు డెబ్బై మీటర్లు.
డబ్బాలో డీజిలు ఇరవైకి వస్తుంది.

మొదటి పంక్తి యంత్రానిది, రెండోది సరంగుది. మర్నాటి వేట ఎలా ఉంటుందో చెప్పకుండా కవిత ఇక్కడ ఆగిపోతుంది. చివర్లో గంగమ్మ తల్లికి దండం పెట్టించి ఆశావాదం చూపాలని కవికి చెయ్యి దురద పుడుతుంది. పెట్టించవద్దు. పేటలో గంగమ్మకి మొక్కేది నమ్మకంతో, ముగింపు కుదరక కాదు.

రాసిన తర్వాత పరీక్ష సులువు. ‘తండ్రి’, ‘భార్య’ అన్న పేర్లు వేలితో మూసి చదవాలి. ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే గొంతులు కుదరలేదు. చాలామంది దీనికి మందుగా యాస పట్టుకుంటారు. ప్రతి పంక్తిలోనూ ‘ఏటి’, ‘బేగి’, ‘సేత్తాను’ అని కూరితే అందరూ ఒకేలా వినిపిస్తారు, పైగా వెక్కిరింపులా ఉంటుంది. గొంతుని వేరు చేసేది యాస కన్నా ఆ మనిషికి మాత్రమే తెలిసిన సంగతి. డీజిలు ధర సరంగుకి తెలుసు. చేప కన్ను ఎప్పుడు తెల్లబడుతుందో ఆమెకి తెలుసు. వాళ్ల జ్ఞానం తారుమారైతే ఎంత యాస పోసినా నిలవదు.

వాస్తవం తప్పితే కూడా కవిత మునుగుతుంది. మే నెలలో మరబోటు వేటకెళ్లిందని రాస్తే తీరప్రాంతపు న్యాయనిర్ణేత అక్కడే కాగితం పక్కన పెడతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లుపెట్టే ఆ అరవై ఒక్క రోజులూ తూర్పుతీరంలో ఇంజను పడవలకి నిషేధం. మర లేని తెప్పలకి మాత్రం మినహాయింపు. ఆంధ్రప్రదేశ్‌లో నిషేధకాలపు భృతి 2019లో పది వేలయింది, 2025లో ఇరవై వేలు చేశారు. ఈ వివరాలు కవితలోకి రానక్కర్లేదు, కవిత వీటికి ఎదురు తిరగకుండా ఉంటే చాలు. అలాగే విశాఖ వలలో పులస పడిందని రాయకూడదు, అది వానాకాలంలో గోదావరికి ఎదురీదే చేప.

ఇంకొక జారుడుమెట్టు ఉంది: తుఫాను. హుద్‌హుద్‌ గానీ, 2023 నవంబరులో విశాఖ చేపలరేవులో బోట్లు తగలబడిన రాత్రి గానీ, కవితలోకి వచ్చిందంటే తక్కిన గొంతులన్నీ దాని కిందే పడిపోతాయి. విపత్తు మీద కవిత వేరు, దానికి సర్కారు లెక్క, పరిహారం, వార్త ఉంటాయి. నలభై రూపాయల రోజు వార్త కాదు. దానికి పరిహారమూ లేదు. ఈ అంశం మీద కవిత రాస్తున్నామంటే ఆ రోజుకి కట్టుబడి ఉండాలి.

మాట ఇచ్చినవాళ్ల విషయంలో ఒక జాగ్రత్త. పేటకెళ్లి విన్న మాటల్ని వాడుకున్నప్పుడు ఎవరి అప్పు ఎంతో, ఏ సావుకారు ఎలాంటివాడో ఊరికి తెలిసిపోయేలా రాయకూడదు. ఇద్దరు ముగ్గురి సంగతులు ఒక గొంతులో కలపవచ్చు. పోటీకి ఇచ్చే హామీపత్రంలో ‘ఇది నా సొంత రచన’ అని సంతకం పెడతాం, మాట యథాతథంగా ఒకరిదే అయితే ఆ మనిషిని అడిగి, ఆ సంగతి కింద ఒక్క ముక్క రాయడం మర్యాద.

ఇక పోటీలు పెట్టేవాళ్లకి ఒక విన్నపం. చేతిరాతలోనో డీటీపీలోనో పంపండి అన్న నియమం దగ్గరే ఆ తండ్రీ, గంప ఎత్తే ఆమే ఆగిపోతున్నారు. వాళ్లు చెప్పగలరు, రాసి పంపలేరు. తీరజిల్లాల పోటీల్లోనైనా ఫోన్లో రికార్డు చేసిన కవితని తీసుకోండి, రాసిపెట్టినవాళ్ల పేరు విడిగా వెయ్యండి. వేటనిషేధపు రెండు నెలల్లో పేటల్లో మనుషులు దొరుకుతారు. గడువు ఆ రోజుల్లో పెట్టండి.